తొంభై సెకన్లలో మూడు అభ్యంతరాలకు జవాబు

గత నెల మా పట్టణంలో ముస్లిం రిజర్వేషన్ సమంజసమా కాదా అన్న అంశం మీద ఒక చర్చాగోష్ఠి జరిగింది. నిర్వాహకులు పెట్టిన నియమం కఠినమైనదే. ఇరుపక్షాలకు చెరి ఐదు నిమిషాల ప్రసంగం, ఆ తరువాత ప్రత్యుత్తరానికి తొంభై సెకన్లు. తొంభై పూర్తి కాగానే గంట మోగుతుంది, మైకు ఆగిపోతుంది. రిజర్వేషన్ కూడదన్న పక్షాన మాట్లాడినవారు పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకులు. ఆయన మర్యాదస్తులు, విషయం చదువుకున్నవారు. సమర్థించే పక్షాన డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న మన కుర్రవాడు ఒకడు నిలబడ్డాడు. అతని ప్రత్యుత్తరాన్ని సిద్ధం చేయించే పని మా మీద పడింది.

పని చేశాక మాకు తోచినది పాఠకులతో పంచుకోవలసిన సంగతే అనిపించింది. ఎందుకంటే ఆ అధ్యాపకులు చెప్పిన మూడు మాటలే పదిహేడు, పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఎన్నికలలోనూ, ప్రతి బడ్డీకొట్టు దగ్గరా వినబడుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ళ సభలో కేంద్ర హోం మంత్రి అమిత్ షా, తమ పార్టీ అధికారంలోకి వస్తే తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్ రద్దు చేస్తామని బహిరంగంగానే ప్రకటించారు. అది అమలైతే వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో, ఉపాధ్యాయ నియామకాల్లో, గ్రూపు పరీక్షల్లో మన పిల్లలకు ఈనాడు దక్కుతున్న స్థానాలు పోతాయి. అంత పెద్ద ముప్పు ముందుండగా మనవాళ్ళు ఆ మూడు మాటలకు ఇచ్చే జవాబులు చాలావరకు తప్పులు. కొన్నయితే ఎదుటివారి వాదాన్నే బలపరిచేవి. ఈ వ్యాసంలో మేము ఎక్కువగా దెబ్బలాడబోయేది ఆ జవాబులతోనే.

ముందుగా అవతలి పక్షం చెప్పినవి. ఒకటి, మతం ఆధారంగా రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధం, హైకోర్టే కొట్టివేసింది. రెండు, ఈ నాలుగు శాతం హిందూ బీసీల కంచంలో నుంచి తీసి ఇచ్చినది. మూడు, ఇస్లాంలో కులం లేదని మీరే గర్వంగా చెబుతారు, మరి కులాల జాబితాలోకి ఎలా వస్తారు? ఆయన ఈ మూడింటినీ ఐదు నిమిషాలలో నెమ్మదిగా, ఎవరినీ కించపరచకుండా చెప్పారు. చివరి ప్రశ్నకు సభలో చప్పట్లు కూడా మోగాయి.

గోష్ఠికి వారం ముందే ఈ మూడు అభ్యంతరాలను ఊహించి మన కుర్రవాడు ఒక చిత్తుప్రతి రాసుకొచ్చాడు. చదివించి గడియారం చూస్తే నాలుగు నిమిషాలు పట్టింది. పొడవు ఒక లోపమే గానీ అసలు లోపం వేరే ఉంది. అందులో సగం సచార్ కమిటీ నివేదిక. 2006లో వచ్చిన ఆ నివేదిక మన సముదాయపు దుస్థితిని దేశం ముందు పెట్టిన గొప్ప పత్రం, సందేహం లేదు. కానీ అది చాలావరకు దేశంలోని ముస్లింలందరినీ ఒక్క సముదాయంగా తీసుకుని లెక్కలు చూపుతుంది. ఎదుటివారు మతం ఆధారంగా ఇచ్చారని ఆక్షేపిస్తుంటే, ముస్లింలందరూ వెనుకబడ్డారని మనం నివేదిక తీసి చూపితే ఏమవుతుంది? అవునయ్యా, మతం ఆధారంగానే అడుగుతున్నామని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. జనాభా నిష్పత్తి వాదం కూడా అటువంటిదే. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి బిల్లు ఆమోదించినప్పటినుంచి మన సభలలో "మా జనాభా ఇంత, మా వాటా అంత" అనే మాట ఎక్కువైంది. ఆ బిల్లు కేంద్రం దగ్గర ఆగిపోయింది, చట్టం కాలేదు. ఆ మాట మాత్రం మన నోళ్ళలో మిగిలిపోయింది. వెనుకబాటుతనాన్ని రుజువు చేయవలసిన చోట జనాభాను చూపడం, మొదటి అభ్యంతరానికి మనం చేజేతులా ఇచ్చే సాక్ష్యం.

కనుక సచార్‌ను తీసేశాం. పొరుగు సముదాయాల ప్రస్తావన కూడా తీసేశాం. క్రైస్తవ మతంలోకి వెళ్ళిన దళితులకు బీసీ-సీ కింద ఒక శాతం ఉంది కదా, వారిని అడగరేం అని కుర్రవాడు రాశాడు. వాదంగా చూస్తే అది నిలిచేదే. అయినా మన ఇంటికి నిప్పంటుకుంటే పొరుగింటి కప్పు వైపు వేలు చూపడం ఎందుకు? వారి ఒక్క శాతం మీద కూడా ఎవరి కన్నో పడితే ఆ పాపం మనది అవుతుంది.

గడియారం సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు మాటలు పొడవైనవి. వేదిక మీద తొట్రుపడకుండా, వినేవారికి అందేలా చదివితే తొంభై సెకన్లలో నూట యాభై మాటల కంటే పట్టవు. మేము ఐదారుసార్లు చదివించి చూసి తేల్చుకున్న లెక్క ఇది. నూట ఎనభై మాటలు రాసుకుని వేగంగా చదివితే చివరి అభ్యంతరం దగ్గరే గంట మోగుతుంది. సభ గుర్తుపెట్టుకునేది మనం జవాబు చెప్పలేకపోయిన ఆ ఒక్క ప్రశ్ననే. మరొక చిక్కు మాకు మొదట తట్టలేదు. కాగితం మీద "ఈ గ్రూపు" అని రాసుకుంటే కంటికి తెలుస్తుంది. నోటితో "ఈ గ్రూపు" అంటే వినేవారికి ఏ గ్రూపో తెలియదు, ఇది అనే అర్థమే తోస్తుంది. అందుచేత ప్రతిచోటా బీసీ-ఈ అనే పలకాలని నిర్ణయించాం.

చివరికి అతను వేదిక మీద చదివిన పాఠం ఇది.

"అధ్యక్షులకు, సభకు సలాం, నమస్కారం. పెద్దలు మాస్టారుగారు మూడు మాటలు అన్నారు. మూడింటికీ జవాబు చెబుతాను.

మొదటిది, మతం పేరుతో రిజర్వేషన్ చెల్లదన్నారు. నిజమే, మతం ఒక్కటే ఆధారమైతే చెల్లదు. అందుకే 2007 చట్టం ముస్లింలందరికీ ఇవ్వలేదు. సయ్యదులు, పఠాన్లు, మొఘలులు, బోహ్రాలు అందులో లేరు. మతమే ఆధారమైతే వారిని ఎందుకు వదిలేశారు? హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసిన మాట వాస్తవం. సుప్రీంకోర్టు 2010లో దాన్ని కొనసాగనిచ్చిన మాట కూడా వాస్తవం. తుది తీర్పు రావలసి ఉంది.

రెండవది, బీసీ సోదరుల వాటా పోయిందన్నారు. ఏ, బీ, సీ, డీ గ్రూపులకు అంతకు ముందు ఏడు, పది, ఒకటి, ఏడు, మొత్తం ఇరవై ఐదు. బీసీ-ఈ వచ్చాక కూడా ఇరవై ఐదే. నాలుగు శాతం ఓపెన్ సీట్ల నుంచి వచ్చింది, బీసీల నుంచి కాదు.

మూడవది, ఇస్లాంలో కులం లేదు కదా అన్నారు. లేదు. రాజ్యాంగంలో అంటరానితనమూ లేదు, 1950లోనే రద్దయింది. రాసినంత మాత్రాన పోలేదు గనుకనే ఎస్సీ జాబితా ఉంది. మా తాత ఊరూరా తిరిగి రోళ్ళకు కక్కు కొట్టాడు. నమాజులో అందరి పక్కన నిలబడ్డాడు, బడిలో మాత్రం ఎవరి పక్కనా కూర్చోలేదు. రాజ్యాంగం అడిగేది వెనుకబాటుతనం.

మాస్టారి ప్రశ్నలకు కృతజ్ఞతలు."

గంటకు మూడు సెకన్ల ముందే ముగిసింది.

ఇందులో ప్రతి వాక్యం వెనుక ఒక చర్చ ఉంది. అన్నింటికంటే ఎక్కువ వాదులాడుకున్నది "నిజమే" అన్న ఒక్క మాట మీద. శత్రువుకు ఒక్క అంగుళం కూడా ఇవ్వకూడదని మా జమాత్ పెద్దలలో ఒకరు పట్టుబట్టారు. మేము ఒప్పుకోలేదు. రాజ్యాంగం 15వ అధికరణం పౌరుల మధ్య మతం, జాతి, కులం వంటివాటి కారణంగా "మాత్రమే" వివక్ష చూపరాదని చెబుతుంది. ఆ "మాత్రమే"లోనే మన వాదమంతా ఉంది. మతం ఒక్కటే ఆధారమైతే చెల్లదు. ఒక మతంలో ఉన్న కొన్ని వర్గాలు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడి ఉంటే, ఆ మతంలో ఉన్నందుకు వారిని వదిలివేయడం కూడా చెల్లదు. మొదటి సగాన్ని మర్యాదగా ఒప్పుకుంటే తప్ప రెండవ సగం చెప్పే అధికారం మనకు రాదు. పైగా ఎదుటివారి మాటలో నిజమున్నప్పుడు కాదనడం మన ధర్మం నేర్పిన పని కాదు.

ఆ నిజం ఎంతవరకు ఉందో కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి. 2004 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ద్వారా ముస్లింలందరికీ 5 శాతం ప్రకటించింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2005లో కమిషన్ నివేదికతో చట్టం తెచ్చారు, కానీ మళ్ళీ ముస్లింలందరినీ ఒకే వెనుకబడిన వర్గంగా చూపారు. ఆ ఏడాది నవంబరులో అదీ పోయింది. అంటే 2004, 2005లలో అధ్యాపకుల అభ్యంతరం సరైనదే. ఆ రెండు తీర్పులను తిట్టుకుంటూ కూర్చున్నవారు ఏమీ సాధించలేదు. తీర్పులను చదివినవారు సాధించారు. పదవీ విరమణ చేసిన ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ను ప్రభుత్వం సలహాదారుగా నియమించింది. 1990లో మండల్ సిఫార్సుల అమలు నాటికి కేంద్ర సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్నవారు ఆయన. ముస్లింలు అనే ఒక్క ముద్ద తీసుకోకుండా, ముస్లింలలో ఏ వృత్తులవారు, ఏ తెగలవారు సామాజికంగా వెనుకబడ్డారో విడివిడిగా చూపారు. దాని మీద బీసీ కమిషన్ విచారణ జరిపి సిఫార్సు చేసింది. ఆ ఫలితమే 2007 చట్టం, బీసీ-ఈ జాబితా.

ఆ జాబితాను మనలో ఎంతమంది చదివారు? కుర్రవాడు కూడా అప్పటిదాకా చదవలేదు. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం రజకులు అయిన తురక చాకళ్ళు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాంలు, లబ్బీలు, ఖురేషీ కటికవారు, సిద్దీలు, తురక కాశలు ఇలా 14 వర్గాలు వరుసగా ఉంటాయి. ఆ చివరి వర్గంలోనే రోళ్ళకు కక్కు కొట్టేవారు ఉన్నారు. తిరగలికి, రోలుకు అరిగిపోయిన గంట్లు ఉలితో మళ్ళీ కొట్టి గరుకు తెచ్చేవారు. మిక్సీలు వచ్చాక ఆ వృత్తి ఎలా కూలిందో ఊళ్ళలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఈ పేర్లను చదివినవాడు ఎవడూ ఇది మతం పేరిట ఇచ్చిన రాయితీ అనలేడు. ఇవి వృత్తుల పేర్లు, ఆ వృత్తుల వెంట వచ్చిన చిన్నచూపు పేర్లు. జాబితా చివర మినహాయింపులు కూడా స్పష్టంగా రాశారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, జమాయత్, నవాయత్ ఇందులోకి రారు. తొంభై సెకన్లలో పదీ చెప్పలేము గనుక వినగానే అందరికీ తెలిసే నలుగురిని చెప్పించాం.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అయిదుగురి మెజారిటీతో ఈ చట్టాన్ని కూడా కొట్టివేసింది. ఇద్దరు విభేదించారు. మెజారిటీ తీర్పు కమిషన్ సర్వే జరిపిన తీరును తప్పుపట్టింది, చట్టం ఒక మతానికే ఉద్దేశించినదని కూడా అన్నది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చి 14 వర్గాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆ మధ్యంతర ఆదేశం మీదే నేటికీ మన పిల్లలు సీట్లు పొందుతున్నారు. మనవారిలో కొందరు వేదికలెక్కి సుప్రీంకోర్టు మన రిజర్వేషన్‌ను ఖాయం చేసిందని చెబుతున్నారు. ఇది అబద్ధం. ఎదుటివాడు ఆ ఆదేశం ప్రతి తీసి చదివితే ఆనాటితో మన మాటకు విలువ పోతుంది. "తుది తీర్పు రావలసి ఉంది" అన్న చిన్న వాక్యాన్ని మేము పట్టుబట్టి పెట్టించింది ఇందుకే.

రెండవ అభ్యంతరం దగ్గర లెక్క ఒక్కటే పనిచేస్తుంది, ఆవేశం పనిచేయదు. కుర్రవాడి చేత మేము నూరు సీట్ల కళాశాల ఒకటి కాగితం మీద గీయించాం. 2007కు ముందు ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీ-ఏకు 7, బీకి 10, సీకి 1, డీకి 7. మొత్తం 46 సీట్లు. మిగిలిన 54 ఓపెన్. 2007 తరువాత ఆ 46 అలాగే ఉన్నాయి, బీసీ-ఈకి 4 చేరాయి, మొత్తం 50. ఓపెన్ సీట్లు 54 నుంచి 50కి తగ్గాయి. డీ గ్రూపు పిల్లవాడు అంతకు ముందు 7 సీట్లకు పోటీపడ్డాడు, తరువాతా 7 సీట్లకే పోటీపడ్డాడు. 5 శాతం కాకుండా 4 దగ్గర ఆగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 46కు 5 కలిపితే 51 అవుతుంది, సుప్రీంకోర్టు గీసిన 50 శాతం గీత దాటుతుంది. తరువాత 2022లో తెలంగాణ ఎస్టీల కోటాను 10 శాతానికి పెంచింది గనుక ఇవాళ తెలంగాణలో మొత్తం వేరుగా ఉంటుంది. అందువల్ల ఈ లెక్క చెప్పేటప్పుడు ఏ సంవత్సరం నాటిదో చెప్పకపోతే పట్టుబడతాం.

"ఓపెన్ సీట్ల నుంచి వచ్చింది" అన్న మాట అవసరమా, మనమే ఎందుకు చెప్పుకోవాలి అని అడిగినవారున్నారు. దాచితే ఎదుటివారు వెంటనే, మరి నాలుగు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా అంటారు. ముందే చెబితే ఆ ప్రశ్న పుట్టదు. ఓపెన్ సీటు ఏ ఒక్క కులానిదీ కాదు, మన పిల్లలతో సహా అందరిదీ. బీసీ సోదరులను మన మీదకు ఉసిగొల్పడానికి ఈ రెండవ అభ్యంతరాన్ని వాడుతున్నారు. 2025లో తెలంగాణలో బీసీలకు 42 శాతం బిల్లులు వచ్చినప్పుడు కూడా అందులో నుంచి ముస్లింలను తీసేయాలనే డిమాండు ఇదే దారిలో వచ్చింది. చాకలి, మంగలి, కటిక వృత్తులు చేసుకునే హిందూ సోదరునికీ, అవే వృత్తులు చేసే ముస్లిం సోదరునికీ మధ్య తగువు పెడితే లాభం ఇద్దరిలో ఎవరికీ కలగదు. దూదేకులవారు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో హిందూ సోదరులతో కలిసే ఉన్నారు. అక్కడ ఎవరి కంచం ఎవరూ లాక్కోలేదు.

మూడవ అభ్యంతరం దగ్గర మన ఇంటి సంగతి మాట్లాడక తప్పదు. కులం లేదని వేదిక మీద గట్టిగా చెప్పేవారే కూతురి సంబంధం వచ్చినప్పుడు ఖాందాన్ ఏమిటని అడుగుతారు. మస్జిద్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డ హజాం ఇంటికి పిల్లనివ్వడానికి మనలో ఎంతమంది సిద్ధం? ఎదుటివారికి ఈ సంగతి తెలుసు. మనం లేదని బుకాయిస్తే నవ్వుతారు. ఉందని ఒప్పుకుని అది ఇస్లాం బోధకు విరుద్ధమని చెబితే మన మాట, మన దీన్ రెండూ నిలుస్తాయి. అంటరానితనం పోలిక ఇక్కడ పనికొచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రద్దయింది గనుక ఎస్సీ జాబితా అక్కరలేదని అధ్యాపకులైనా అనరు. ధర్మం చెప్పింది ఒకటి, సమాజం చేసింది ఇంకొకటి. ఈ తేడా ఒక్క హిందూ సమాజానికే ఉంటుందా? మరొక సంగతి, 1951లో మొదటి సవరణతో చేర్చిన 15(4) నిబంధనలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన "వర్గాలు" అనే ఉంది, కులాలు అని లేదు. కుర్రవాడి చివరి వాక్యం అక్కడి నుంచి వచ్చింది.

తాత మాట మాత్రం అతనిది. సొంత కథలు వద్దు, సానుభూతి కోసం చెబుతున్నారంటారని మేము కొట్టేశాం. అతను ఒప్పుకోలేదు. పది సెకన్లే తీసుకుంటానని, ఆ పది సెకన్లకు మొదటి అభ్యంతరంలో నుంచి ఒక వాక్యం తానే తీసేశాడు. అది చదువుతుండగా సభ నిశ్శబ్దంగా ఉంది. మేము పొరబడ్డాం, అతనే సరి.

మర్యాద గురించి కూడా రెండు మాటలు. "మాస్టారుగారు అన్నారు" అని ఎదుటివారి అభ్యంతరాన్ని వారి మాటల్లోనే తిరిగి చెప్పడం వల్ల మూడు సెకన్లు ఖర్చయినట్టు కనిపిస్తుంది. కానీ సభలో కూర్చున్న వందమందిలో సగం మంది ఆ అభ్యంతరాన్ని నమ్మి వచ్చినవారే. వారి ప్రశ్నను వక్రీకరించకుండా చెబితే జవాబు వింటారు. మతతత్వవాది, ద్వేషి వంటి మాటలు చిత్తుప్రతిలో నాలుగు ఉండేవి, నాలుగూ తీసేశాం. ఆ అధ్యాపకులు అటువంటివారు కారు. ఒకవేళ అయినా, ఆ పదాలు సభను ఆయన వైపే తోస్తాయి.

ప్రత్యుత్తరం తరువాత సభికుల ప్రశ్నలకు సమయం ఇచ్చారు. ఒక యువకుడు లేచి, జాబితాలో షేక్ ఉంది కదా, తెలుగు ముస్లింలలో మూడొంతుల మంది పేరు ముందు షేక్ ఉంటుంది, మరి అందరికీ ఇచ్చినట్టే కదా అన్నాడు. ఇది నాలుగవ అభ్యంతరం. మొదటి మూడింటికంటే గట్టిది. తొంభై సెకన్ల పాఠంలో దీనికి చోటు లేదని మాకు ముందే తెలుసు గనుక విడిగా సిద్ధం చేయించాం.

కుర్రవాడు ఇలా చెప్పాడు. తెలుగునాట షేక్ అన్నది అరబ్బు వంశానికి గుర్తు కాదు. తరాల కిందట ఇస్లాం స్వీకరించిన రైతుకూలీలు, చేతివృత్తులవారు పేరు ముందు పెట్టుకున్న మాట అది. ఊళ్ళలో షేక్ ఇళ్ళు ఎక్కువగా ఉండటం వెనుకబాటుతనం ఎక్కువగా ఉందని చెబుతుందే తప్ప లేదని చెప్పదు. ఇక అందరికీ ఇచ్చారా అంటే, తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వేలో ముస్లిం బీసీలు జనాభాలో 10.08 శాతం, బీసీలు కాని ముస్లింలు 2.48 శాతం అని తేలింది. అంటే ప్రతి అయిదుగురు ముస్లింలలో ఒకరు ఈ రిజర్వేషన్ పరిధిలో లేరు. బీసీ-ఈలో ఉన్నవారిలోనూ సంపన్న శ్రేణికి ఇది వర్తించదు.

అడిగిన యువకుడు పూర్తిగా ఒప్పుకోలేదు. నలుగురు బీసీ-ఈ అయితే అది ఎక్కువ కాదా అన్నాడు. ఎక్కువే, అందుకే ఏ వర్గం ఎంత ముందుకొచ్చిందో పదేళ్ళకొకసారి సర్వే చేసి చూడమనే మేమూ అడుగుతున్నాం, అన్ని గ్రూపులకూ అదే పద్ధతి పెట్టమంటున్నాం అని మన కుర్రవాడు జవాబిచ్చాడు. ఈ వాక్యం మేము రాసివ్వలేదు. సభ ముగిశాక అధ్యాపకులు వేదిక దిగి వచ్చి, జాబితా ప్రతి ఒకటి తనకు ఇవ్వమని అడిగారు. జేబులో ఉన్న జిరాక్సు ప్రతి తీసి అతను ఆయన చేతికిచ్చాడు. వచ్చే నెల పక్క మండలంలో జరిగే గోష్ఠికి కూడా అతన్నే పంపుతున్నాం. ఈసారి ప్రత్యుత్తరానికి అరవై సెకన్లేనట. సుప్రీంకోర్టు వాక్యాలు రెండింటినీ ఒకటిగా ఎలా కుదించాలన్నది ఇంకా తేలలేదు.